క్యాష్ ఫ్లో క్లోజింగ్ బ్యాలెన్స్ షీట్‌తో కలవకపోతే ముందు ‘క్యాష్’ ఏదో తేల్చుకోండి

ప్రశ్న: సార్, నేను బెంగళూరు పీణ్యలో ఒక చిన్న ఇంజినీరింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ మొదటిసారి నేనే చేస్తున్నాను. ఓపెనింగ్ 62 లక్షలు, ఏడాదిలో నికర పెరుగుదల 13 లక్షలు, అంటే క్లోజింగ్ 75 రావాలి. బ్యాలెన్స్ షీట్‌లో 98 ఉంది. ఈ 23 లక్షల కోసం మూడు రోజులుగా లెడ్జర్లన్నీ తిరగేశాను, దొరకలేదు. సోమవారం ఆడిటర్ వస్తున్నారు, టెన్షన్‌గా ఉంది. ‘ఇతర సర్దుబాట్లు’ అని 23 వేసేస్తే ఏమవుతుంది? షీట్లు జత చేశాను.

జవాబు:

వేయకండి. ఆ 23 మీకు ఏ లెడ్జర్‌లోనూ దొరకదు, ఎందుకంటే అది ఒక తప్పు కాదు. మీ షీట్లు చూశాను. మూడు వేర్వేరు తప్పులు ఒకదాన్నొకటి కొంత మింగేసుకోగా మిగిలినది 23. అందుకే 23 కోసం వెతికినంత కాలం ఏమీ కనిపించలేదు.

నేనూ ఒకసారి మీరు అడిగిన పనే చేశాను. మా ఊరు హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ ఓ ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన రోజులవి. 3 లక్షలు ఎక్కువ వస్తుంటే ‘ఇతరములు’ అని మైనస్ 3 పెట్టి సర్దేశాను. మరుసటి ఏడాది లోన్ రెన్యూవల్‌కి వెళ్తే బ్యాంకు మేనేజరు సరిగ్గా ఆ గీత మీదే వేలు పెట్టి ఇదేమిటని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వచ్చి తవ్వితే పాత లేత్ మెషీన్ అమ్మిన లెక్క బయటపడింది. అమ్మిన సొమ్ము మొత్తం ఇన్వెస్టింగ్‌లో చూపించాను, అందులోని 3 లక్షల లాభాన్ని మాత్రం ఆపరేటింగ్ లాభంలోంచి తీసేయడం మరిచిపోయాను. ఒకే సొమ్ము రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. అరగంటలో దొరికే తప్పును దాచబోయి ఏడాది తర్వాత కాకి లెక్కల వాడినని అనిపించుకున్నాను.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. అన్నీ లక్షల్లోనే రాస్తాను.

మీరు ఓపెనింగ్‌గా తీసుకున్న 62లో ఏముందో విడదీసి చూడండి. చేతిలో నగదు 1, కరెంట్ అకౌంట్లు 15, డాలర్ల ఈఈఎఫ్‌సీ అకౌంటు 22, ఇవి కలిపి 38. మిగతా 24 ఎల్సీలకు, బ్యాంకు గ్యారంటీలకు మార్జిన్‌గా పెట్టిన ఎఫ్‌డీలు. క్లోజింగ్ 98 కూడా అంతే. నగదు 2, కరెంట్ అకౌంట్లు 20, ఈఈఎఫ్‌సీ 26, కలిపి 48. మిగతా 50లో మార్జిన్ ఎఫ్‌డీలు 30, నవంబరులో వేసిన ఆరు నెలల ఎఫ్‌డీ 20.

క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ కలపాల్సింది 38కీ 48కీ. 62కీ 98కీ కాదు.

ఈ గందరగోళానికి తప్పు పూర్తిగా మీది కాదు. కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ‘క్యాష్ అండ్ క్యాష్ ఈక్వివలెంట్స్’ అన్న ఒకే తలకట్టు కింద మార్జిన్ మనీ, అన్‌పెయిడ్ డివిడెండ్ లాంటి వాటికి కేటాయించిన బ్యాలెన్సులు అన్నీ విడివిడిగా చూపమంటుంది. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌కు వర్తించే అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 3 అదే మాటను చాలా ఇరుకైన అర్థంలో వాడుతుంది. చేతిలో డబ్బు, అడిగిన వెంటనే తీసుకోగల డిపాజిట్లు, ఇవి కాక కొన్న తేదీ నుంచి మూడు నెలలు లేదా అంతకు తక్కువ గడువున్న, విలువ పెద్దగా మారని పెట్టుబడులు, అంతే. ఒకే పేరు, రెండు అర్థాలు. అందుకే ఐసీఏఐ గైడెన్స్ నోట్ బ్యాలెన్స్ షీట్‌లో పై తలకట్టును ‘క్యాష్ అండ్ బ్యాంక్ బ్యాలెన్సెస్’ అని మార్చి, దాని కింద ‘క్యాష్ అండ్ క్యాష్ ఈక్వివలెంట్స్’, ‘ఇతర బ్యాంకు బ్యాలెన్సులు’ అని రెండుగా చూపమంటుంది. మీ ఆడిటర్ కూడా అదే కోరతారు.

ఆరు నెలల ఎఫ్‌డీ దగ్గర చాలామంది పొరబడతారు. మార్చి 31 నాటికి మెచ్యూరిటీకి రెండు నెలలు కూడా లేదు కాబట్టి మూడు నెలల లోపే కదా అనుకుంటారు. లెక్క మిగిలిన గడువుది కాదు, వేసిన రోజు నుంచి మొత్తం గడువుది. నవంబరులో ఆరు నెలలకు వేసిన ఎఫ్‌డీ మే నెలలో చేతికొచ్చేదాకా క్యాష్ ఈక్వివలెంట్ కాదు. మార్జిన్ ఎఫ్‌డీ సంగతి వేరు. దాని గడువు తక్కువే అయినా బ్యాంకు దాని మీద లీన్ వేసి ఉంచింది. సోమవారం జీతాలకు కావాలంటే అది తీయలేరు. నేను కొత్తవాళ్లకు పోపుల డబ్బాలోని డబ్బుకూ, కుదువ పెట్టిన గొలుసుకూ ఉన్న తేడా అని చెబుతుంటాను. రెండూ ఇంటి ఆస్తే, కూరగాయలకు పనికొచ్చేది మాత్రం మొదటిదే.

టాలీ వాడుతున్నారు కాబట్టి ఇంకో చిన్న సంగతి చూడండి. ఎఫ్‌డీ లెడ్జర్లను తెరిచినప్పుడు ఎవరో `Bank Accounts` కింద పెట్టారు. `Deposits (Asset)` కింద ఉండి ఉంటే 62 అంకె మీ కంటికి అసలు కనిపించేదే కాదేమో. టాలీలోని క్యాష్ ఫ్లో రిపోర్టును మాత్రం దీనికి ఆధారంగా తీసుకోకండి. నగదు, బ్యాంకు లెడ్జర్లలోకి ఏం వచ్చింది, ఏం పోయింది అని చూపే రిపోర్టు అది, ఏఎస్ 3 స్టేట్‌మెంట్ కాదు.

ఇంతవరకూ సర్దితే మీ లెక్క ఇలా మారుతుంది. ఓపెనింగ్ 38, మీ నికర పెరుగుదల 13, రావాల్సింది 51. కానీ ఉన్నది 48. 23 లోటుగా కనిపించింది కాస్తా ఇప్పుడు 3 ఎక్కువ అయింది. గమనించండి, ఇతర బ్యాంకు బ్యాలెన్సులు 24 నుంచి 50కి పెరిగాయి, అది 26. ఆ 26ని మీరు ఇన్వెస్టింగ్‌లో బయటికి పోయినట్టు సరిగ్గానే చూపించారు. అయితే ఓపెనింగ్, క్లోజింగ్ రెండిట్లోనూ అవే ఎఫ్‌డీలను క్యాష్‌గా ఉంచేశారు. బయటికి పోయిన డబ్బు ఇంట్లోనూ ఉందన్నట్టు అయింది.

మిగిలిన 3 కోసం కూడా లెడ్జర్లలో 3 వెతక్కండి. ఇక్కడ నేను ప్రతిసారీ చేసేది ఒకటే. క్యాష్ కాకుండా బ్యాలెన్స్ షీట్‌లో ఉన్న ప్రతి వరుస ఏడాదిలో ఎంత మారిందో, అది క్యాష్‌ను పెంచిందో తగ్గించిందో గుర్తుతో సహా ఒక కాగితం మీద వేస్తాను. అప్పు పెరిగితే ప్లస్, ఆస్తి పెరిగితే మైనస్. బ్యాలెన్స్ షీట్ రెండు వైపులా సమానం కాబట్టి వీటి మొత్తం క్యాష్ మార్పుకు సమానం కాక తప్పదు. మీ షీట్ల నుంచి వేస్తే ఇలా వచ్చింది:

రిజర్వులు (పన్ను తర్వాత లాభం): +38
టర్మ్ లోన్: −20
క్యాష్ క్రెడిట్: +12
ట్రేడ్ పేయబుల్స్: +9
కట్టాల్సిన పన్ను (6 నుంచి 2కి): −4
స్థిరాస్తులు, తరుగు పోను: −6
సరుకు నిల్వ: −11
రావాల్సిన బాకీలు (తగ్గాయి): +18
ఇతర బ్యాంకు బ్యాలెన్సులు: −26
మొత్తం: +10

38కి 10 కలిపితే 48. అంటే మీ బ్యాలెన్స్ షీట్‌లో ఏ దోషమూ లేదు, తప్పు స్టేట్‌మెంట్‌లోనే ఉంది. ఈ కాగితమే 10 ఇవ్వకపోతే అప్పుడు వెతకాల్సిన చోటు వేరు. నిరుటి సంతకాలైన బ్యాలెన్స్ షీట్‌కూ ఈ ఏడాది టాలీలో ఉన్న ఓపెనింగ్‌కూ తేడా వచ్చి ఉంటుంది. ఆడిట్ ఎంట్రీలు నిరుటి ఫైల్‌లో వేసి, ఈ ఏడాది ఫైల్‌కు తీసుకురాకపోతే ఇలా జరుగుతుంది.

ఇక ఈ తొమ్మిది వరుసలూ స్టేట్‌మెంట్‌లో ఎక్కడ దిగాయో ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ పోవాలి. ఒక వరుస రెండు ముక్కలుగా విడిపోవచ్చు, కానీ ఆ ముక్కల మొత్తం మారకూడదు. స్థిరాస్తుల −6 చూడండి. తరుగు +22గా ఆపరేటింగ్‌లోకి, కొన్న మెషీన్లు −28గా ఇన్వెస్టింగ్‌లోకి వెళ్లాయి. కలిపితే −6, టిక్. అప్పుల మీద వడ్డీ 16 లాంటివి బ్యాలెన్స్ షీట్ వరుసలు కావు. ఆపరేటింగ్‌లో +16, ఫైనాన్సింగ్‌లో −16గా జంటగా వచ్చి సున్నా అవుతాయి. అలాంటి జంటల్లో రెండోది ఉందో లేదో చూసుకుంటే చాలు.

మీ షీట్‌లో టిక్ పడని వరుస ఒకటి ఉంది, పన్ను. మీరు పన్నుకు ముందు లాభం 52తో మొదలుపెట్టి, కిందికి వచ్చాక పన్నుగా 14 తీసేశారు. ఆ 14 లాభనష్టాల ఖాతాలోని ఖర్చు, కట్టిన డబ్బు కాదు. నిరుడు కట్టాల్సి ఉన్న 6కి ఈ ఏడాది ఖర్చు 14 కలిపి, ఇంకా మిగిలిన 2 తీసేస్తే, ఏడాదిలో నిజంగా కట్టింది 18. అడ్వాన్స్ ట్యాక్స్ చలాన్లు, మార్చి దాకా కోసిన టీడీఎస్, నిరుటి సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్, మూడూ కూడి చూడండి, అదే 18 రావాలి. టీడీఎస్ మన బ్యాంకు నుంచి పోలేదు కదా అని వదిలేయకండి. కస్టమర్ కోసుకుని మన తరఫున కట్టాడు, ఆ మేరకు మన రాబడి కూడా స్టేట్‌మెంట్‌లో పూర్తి బిల్లు లెక్కనే ఉంది. 18 బదులు 14 వేయడం వల్ల మీ అంకె 4 ఎక్కువైంది.

రెండోది విరిగిన జంట. ఈఈఎఫ్‌సీ అకౌంట్లో డాలర్ రేటు పెరగడం వల్ల రూపాయల్లో 1 లక్ష లాభం వచ్చింది. అది ఎవరూ ఇచ్చిన డబ్బు కాదు కాబట్టి ఆపరేటింగ్ లాభంలోంచి తీసేశారు, సరైన పనే. కానీ క్లోజింగ్ 48లో ఆ లక్ష ఉంది. అది ఆపరేటింగ్, ఇన్వెస్టింగ్, ఫైనాన్సింగ్ మూడిట్లోనూ చేరదు. నికర మార్పు తర్వాత, ఓపెనింగ్‌కు క్లోజింగ్‌కు మధ్య, ‘విదేశీ కరెన్సీలో ఉన్న క్యాష్ మీద మారకపు రేటు ప్రభావం’ అని విడిగా ఒక గీత రావాలి. మీ షీట్‌లో ఆ గీత లేదు. అది లేక 1 తక్కువైంది. 4 ఎక్కువ, 1 తక్కువ, మిగిలింది 3.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీ ఎక్స్ఛేంజ్ లాభం లెడ్జర్‌లో మొత్తం 3 ఉంది, అందులో 2 ఎగుమతి బాకీలను మార్చి 31 రేటుకు మార్చడం వల్ల వచ్చింది. ఆ 2ని అడుగున గీతలోకి తేకండి. అది క్యాష్ మీద వచ్చిన లాభం కాదు. లాభంలోంచి ఆ 2 తీసేస్తే, బాకీల మార్పులోంచి కూడా తీయాలి, అంటే అక్కడ +18 కాస్తా +20 అవుతుంది. ఒకచోట తీసి రెండోచోట మరిచిపోతే వెంటనే కొత్త తేడా పుడుతుంది. ఎగుమతులున్న కంపెనీల్లో 2, 3 లక్షల అంతుచిక్కని తేడా కనిపిస్తే నేను ముందు ఇక్కడే చూస్తాను.

ఇప్పుడు పూర్తి లెక్క: ఆపరేటింగ్ 87 (మీది 91 వచ్చింది), ఇన్వెస్టింగ్ −54, ఫైనాన్సింగ్ −24. నికర మార్పు 9. మారకపు రేటు ప్రభావం 1. ఓపెనింగ్ 38. క్లోజింగ్ 48. మీ పాత 23 కూడా ఇప్పుడు అర్థమవుతుంది: ఎఫ్‌డీల వల్ల 26, పన్ను వల్ల 4 తగ్గి 22, మారకపు గీత లేక 1 పెరిగి 23.

క్యాష్ క్రెడిట్ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరో ఒకరు మీకు దాన్ని క్యాష్‌లోంచి తీసి నికరంగా చూపమని సలహా ఇస్తారు. ఇండ్ ఏఎస్ 7లో, అడిగిన వెంటనే తిరిగి కట్టాల్సిన బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ కంపెనీ రోజువారీ నగదు నిర్వహణలో భాగమైతే అలా చేయడానికి చోటుంది. మీ కంపెనీ ఏఎస్‌ల కింద ఉంది, ఏఎస్ 3లో అలాంటి వెసులుబాటు లేదు. మీరు +12ని ఫైనాన్సింగ్‌లో పెట్టింది సరైనదే, అలాగే ఉంచండి.

స్టేట్‌మెంట్ అడుగున ఈ ముక్క తప్పనిసరిగా పెట్టండి. క్యాష్ ఈక్వివలెంట్స్‌లో ఏమేమి ఉన్నాయో చూపి, వాటిని బ్యాలెన్స్ షీట్ అంకెతో కలిపి చూపమని ఏఎస్ 3 అడుగుతుంది:

చేతిలో నగదు 2, కరెంట్ అకౌంట్లు 20, ఈఈఎఫ్‌సీ 26. క్యాష్ ఫ్లో ప్రకారం క్యాష్ అండ్ క్యాష్ ఈక్వివలెంట్స్: 48
కలపండి, మార్జిన్ ఎఫ్‌డీలు 30, మూడు నెలలు మించిన ఎఫ్‌డీ 20: 50
బ్యాలెన్స్ షీట్ ప్రకారం క్యాష్ అండ్ బ్యాంక్ బ్యాలెన్సెస్: 98

నిరుటి కాలమ్‌లోనూ ఇదే చేయాలి: 38, 24, 62. నిరుటి స్టేట్‌మెంట్‌లో క్లోజింగ్ 62 అని అచ్చయి సంతకాలు కూడా అయిపోయాయి కాబట్టి ఈ ఏడాది ఓపెనింగ్ 38 అని ఊరికే దిద్దేస్తే చదివేవాళ్లకు రెండు పుస్తకాలు కలవవు. నిరుటి కాలమ్‌లో ఎఫ్‌డీల మార్పును ఇన్వెస్టింగ్‌లోకి తెచ్చి, దాని ఓపెనింగ్‌ను కూడా ఇదే అర్థంలో మార్చి, అంకెలు మళ్లీ వర్గీకరించామని నోట్‌లో రాయాలి. దీనికోసం అంతకు ముందు ఏడాది ఎఫ్‌డీ రసీదులు కావాలి. ఆడిటర్ వచ్చాక కాదు, ఇవాళే ఫోన్ చేసి ఈ మార్పు సంగతి చెప్పండి. సోమవారం ఆయన ముందు 62ను 38 చేసి చూపిస్తే మొదటి గంట దాని వాదనతోనే పోతుంది.

ఇదంతా కలిశాక కూడా ఒకటి చూడమని అడుగుతున్నాను, ఎందుకంటే అది తేడా రూపంలో ఎప్పటికీ బయటపడదు. మీ ట్రేడ్ పేయబుల్స్ జాబితాలో 5 లక్షల బాకీ ఒకటి సీఎన్‌సీ మెషీన్ అమ్మినవాళ్లది. ఫిబ్రవరిలో మెషీన్ వచ్చింది, డబ్బు ఇంకా కట్టలేదు. నిరుడు అలాంటి బాకీ ఏదీ లేదు. మీరు మెషీన్ల కొనుగోలు పూర్తిగా 28 అని ఇన్వెస్టింగ్‌లో చూపి, పేయబుల్స్ పెరుగుదల 9 మొత్తాన్నీ ఆపరేటింగ్‌లో వేశారు. అందుకే టోటల్ చక్కగా కలిసింది. కానీ కట్టని 5 లక్షలు మెషీన్‌కి పోయినట్టూ, రోజువారీ వ్యాపారంలో మిగిలినట్టూ కనిపిస్తోంది. కొనుగోలు 23గా, పేయబుల్స్ 4గా మార్చండి. ఆపరేటింగ్ 87 కాదు, 82. ఇన్వెస్టింగ్ −54 కాదు, −49. క్లోజింగ్ 48 మాత్రం కదలదు. బ్యాలెన్స్ షీట్‌లో కూడా ఆ 5ను ట్రేడ్ పేయబుల్స్‌లోంచి తీసి, మెషీన్ల బాకీగా ఇతర కరెంట్ లయబిలిటీస్‌లో పెట్టండి.